మ్యాచింగ్ బ్లౌజ్ లేదా? రంగుల చక్రంలో ఎదురు రంగు చూడండి

చీర బాగానే ఉంటుంది, దాని బ్లౌజే బిగుతైపోయి ఉంటుంది. కొత్తది కుట్టించే ముందు ఇలా చేసి చూడండి.

పన్నెండు రంగుల చక్రం ఒకటి ప్రింట్ తీసి బీరువా తలుపు లోపల అంటించాను. పెయింటింగ్ వాళ్లు వాడే చక్రమే తీసుకోండి, అందులో పసుపుకి ఎదురుగా ఊదా ఉంటుంది. నీలం కనిపిస్తే అది స్క్రీన్ రంగుల చక్రం, బట్టలకు నేను దాన్ని వాడను.

చీరను పగటి వెలుతురులో పెట్టి, చక్రంలో దాని గడి వెతకండి. అక్కడి నుంచి ఆరో గడి ఎదురు రంగు. నా ఆవపిండి రంగు కాటన్ చీర పసుపు గడిలోకి వచ్చింది, ఎదురుగా ఊదా. వేరే పట్టుచీర తాలూకు వంకాయ రంగు బ్లౌజ్ దానికి చక్కగా కుదిరింది. నెమలికంఠం రంగు చీరకు ఇటుక రంగు బ్లౌజ్ కూడా ఇలాగే దొరికింది.

ఇంత కాంట్రాస్ట్ వద్దనుకుంటే పక్క గడులు చూడండి. ఆవపిండి రంగుకి బంతిపూవు రంగు, చిలకపచ్చ. కాకపోతే ఒకటి ముదురు, ఒకటి లేత ఉండాలి, లేకపోతే మ్యాచింగ్ కోసం వెతికి దొరక్క వేసుకున్నట్టు ఉంటుంది.

ఎదురు రంగులు రెండూ ఒకేలా మెరిసిపోతుంటే మాత్రం ఈ పద్ధతి పనిచేయదు. మిరపపండు ఎరుపు మీద మెరిసే ఆకుపచ్చ వేస్తే కళ్లు చెదురుతాయి. రెండింటిలో ఒకటి ముదురుగానో, వెలిసినట్టుగానో ఉన్నది ఎంచుకోండి.