విదేశాలకు పంపే మీటింగ్ ఆహ్వానంలో తేదీ, టైమ్, అంకెలు తేడా రాకుండా ఎలా రాయాలి?

న్యూయార్క్‌ నుంచి బెర్లిన్‌కీ ఇండియాకీ ఆహ్వానం వెళ్తోంది అనుకుందాం: 03/12/2026, గురువారం, 10:00 EST, బడ్జెట్ 1.250 యూరోలు. ఈ ఒక్క వాక్యంలో మూడు చిక్కులున్నాయి.

ముందు తేదీ. అమెరికాలో నెల ముందు రాస్తారు కాబట్టి అది మార్చి 12. జర్మనీలోనూ ఇండియాలోనూ రోజు ముందు వస్తుంది కాబట్టి డిసెంబర్ 3. వారం పేరు కూడా రాశాం కదా, తప్పు దొరికిపోతుందనుకుంటే పొరపాటే. 2026లో ఆ రెండూ గురువారాలే! అందుకే నెలను అంకెతో కాకుండా పేరుతో రాయండి.

అసలు చిక్కంతా టైమ్‌తోనే. EST అంటే న్యూయార్క్ చలికాలపు టైమ్; ప్రపంచమంతా లెక్కకు వాడే యూటీసీ కంటే ఐదు గంటలు వెనక. కానీ 2026లో అమెరికా మార్చి 8నే గడియారాలు ఒక గంట ముందుకు జరుపుతుంది. కాబట్టి 12న న్యూయార్క్‌లో నడిచేది వేసవి టైమ్ EDT, అంటే యూటీసీకి నాలుగు గంటల వెనక. అలవాటుగా EST అని రాస్తే, దాన్ని నమ్మి లెక్క కట్టుకున్నవాళ్లు గంట ఆలస్యంగా వస్తారు. యూరప్‌లో గడియారం మారేది మార్చి 29న. ఈ మధ్య మూడు వారాలూ న్యూయార్క్, బెర్లిన్ మధ్య తేడా ఎప్పుడూ ఉండే ఆరు గంటలు కాదు, ఐదే. ఇండియాలో గడియారం ఎప్పుడూ మారదు. అయినా న్యూయార్క్ టైమ్ ప్రకారం నడిచే మీటింగ్ ఇక్కడివాళ్లకు రాత్రి 8:30 నుంచి 7:30కి మారుతుంది.

కాబట్టి క్యాలెండర్‌లో టైమ్ జోన్‌ను ఊరి పేరుతో ఎంచుకోండి. పంపే ఫైల్‌లో అది ఇలా ఉండాలి:

```
DTSTART;TZID=America/New_York:20260312T100000
```

దీని బదులు చివర Z పెట్టి యూటీసీలో `20260312T140000Z` అని రాసినా, ఒక్కసారి జరిగే మీటింగ్‌కు ఇబ్బంది లేదు. ప్రతివారం జరిగేదైతే మాత్రం, నవంబర్ 1న అమెరికా గడియారాలు వెనక్కి జరిగాక అది న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదికి పడుతుంది.

ఇక అంకెలు. జర్మనీలో 1.250 అంటే ఒకటింపావు కాదు, పన్నెండు వందల యాభై. అమెరికాలో అదే ఒకటింపావు. చుక్క లేదా కామా తర్వాత సరిగ్గా మూడంకెలు ఉన్నప్పుడే ఈ అయోమయం. విడదీయకుండా 1250 అని రాస్తే చాలు. పెద్ద సంఖ్యలైతే 150 000 లాగా మూడంకెలకో ఖాళీ వదలండి. 1,50,000 అనే మన పద్ధతి బయటివాళ్లకు అచ్చుతప్పులా కనిపిస్తుంది.

ఆహ్వానంలో చివరికి ఉండాల్సింది ఇది:

```
Thu, 12 March 2026
New York 10:00 (UTC-4)
Berlin   15:00 (UTC+1)
India    19:30 (UTC+5:30)
Budget: EUR 1250
```

పంపేముందు ప్రతి వరుసలో టైమ్ నుంచి బ్రాకెట్‌లోని తేడాను తీసేసి చూడండి. మైనస్ ఉంటే కలపాలి. మూడు వరుసల్లోనూ 14:00 రావాలి. ఏదైనా ఒకటి గంట తేడా చూపిస్తే, ఆ ఊళ్లో గడియారం మారే తేదీని మరోసారి సరిచూడండి.