చామనఛాయ ముఖం మీద తెల్లగా తేలని సన్‌స్క్రీన్‌ను ఎంచుకోవడం ఎలా?

మా చెల్లెలిది నాకంటే ఒక పాలు ఎక్కువ నలుపు. విజయవాడలో రోజూ ఉదయం స్కూటీ మీద కాలేజీకి వెళ్లి పాఠాలు చెప్పి వస్తుంది. రెండేళ్ల క్రితం మెడికల్ షాపులో చేతికందిన సన్‌స్క్రీన్ కొనుక్కుంది. కాలేజీ ఫంక్షన్‌లో ఫ్లాష్ వేసి తీసిన గ్రూపు ఫొటో నాకు పంపి, "అక్కా, మెడ నాదే, మొహం ఎవరిదే?" అని అడిగింది. ఆ రోజు నుంచి శనగగింజంత తీసి పల్చగా రాయడం మొదలుపెట్టింది. తెల్లదనం తగ్గింది. కానీ ఎండాకాలం అయ్యేసరికి బుగ్గలు మళ్లీ కమిలాయి.

అసలు చిక్కు ఇక్కడే. ట్యూబు మీద రాసిన ఎస్‌పీఎఫ్ అంకె చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున దట్టంగా రాసి పరీక్షిస్తే వచ్చింది. అందులో పావు వంతు రాస్తే ఎస్‌పీఎఫ్ 50 కూడా ఆ 50 ఇవ్వదు. కాబట్టి పల్చగా రాసినప్పుడు తెల్లగా కనిపించకపోతే చాలదు. పూర్తి మోతాదు రాసినా కనిపించనిదే మీకు పనికొచ్చే సన్‌స్క్రీన్.

1. ముందు ట్యూబును వెనక్కి తిప్పండి

ముందు వైపు రాసే 'ఇన్విజిబుల్', 'జెల్', 'మ్యాట్' అనే మాటలను నేను నమ్మను. వెనక ఉన్న పదార్థాల జాబితాలో రెండు పేర్లు వెతకండి: జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్. రెండూ తెల్లటి పొడులే, టైటానియం డయాక్సైడ్‌నైతే గోడల పెయింటులో కూడా వాడతారు. చర్మం మీద పరుచుకున్నాక ఇవి మామూలు వెలుగును చెదరగొట్టి వెనక్కి పంపుతాయి. తెల్లటి చర్మం మీద అది పెద్దగా తెలియదు, మన రంగు మీద బూడిద రాసినట్టో, ఒక్కోసారి ఊదా ఛాయలోనో తేలుతుంది. పొడిని మరీ సన్నగా చేస్తే తెలుపు తగ్గుతుంది కానీ ముదురు రంగు మీద పూర్తిగా పోవడం అరుదు.

ఇవే పేర్లు అంకెల రూపంలోనూ ఉండొచ్చు. సి.ఐ. 77891 అంటే టైటానియం డయాక్సైడ్, సి.ఐ. 77947 అంటే జింక్ ఆక్సైడ్. సాధారణంగా ఎక్కువ ఉన్న పదార్థాన్ని ముందు రాస్తారు. కాబట్టి జాబితా మొదట్లో ఉంటే జాగ్రత్తపడండి, బాగా చివర్లో ఉంటే అంత టెన్షన్ అక్కర్లేదు. 'టోన్ అప్' అని రాసి ఉంటే మాత్రం చూడకుండానే వదిలేయండి. అవి ముఖాన్ని తెల్లగా చూపించడానికే చేసినవి.

రోజువారీ వాడకానికి మనకు ఎక్కువగా నప్పేవి కెమికల్ ఫిల్టర్లు, అంటే ఎండ కిరణాలను పీల్చుకునే రసాయనాలు, ఉన్నవి. ఇవి చాలావరకు క్రీములో కరిగిపోయి ఉంటాయి, పొడిలా పైన తేలవు. అవోబెంజోన్‌తో పాటు, పేరు చివర ట్రయజిన్ అనో ట్రయజోన్ అనో వచ్చేవి ఈ రకమే. ఎస్‌పీఎఫ్ కనీసం 30, పీఏ పక్కన కనీసం మూడు ప్లస్ గుర్తులు ఉండేలా చూసుకోండి. ఎస్‌పీఎఫ్ ముఖ్యంగా చర్మాన్ని కాల్చే కిరణాల లెక్క, పీఏ చర్మాన్ని నల్లబరిచే యూవీఏ లెక్క. మన గోడు ఎక్కువగా ఆ రెండోదాంతోనే కదా.

2. చేతి మీద కాదు, దవడ మీద రాయండి

షాపులో టెస్టర్ దొరికితే అందరూ మునివేళ్లతో కాస్త తీసి చెయ్యి వెనక రుద్దుతారు. అంత కొంచెం రాస్తే ఏ క్రీమైనా మాయమవుతుంది. కాసింత ఎక్కువే తీసుకుని, దవడ అంచున, బుగ్గా మెడా కలిసే చోట ఒకవైపే రాయండి. రెండోవైపు అలాగే వదిలేస్తే తేడా పట్టుకోవడం తేలిక.

రాసిన వెంటనే తీర్పు చెప్పకండి. రుద్దేటప్పుడు ఏ క్రీమైనా కాస్త తెల్లగా నురగలా కనిపిస్తుంది, నీరు ఆరాక అది పోతుంది. పదిహేను నిమిషాలు ఆగి, షాపు లైట్ల కింద కాకుండా బయట పగటి వెలుగులో చూడండి. తర్వాత ఫ్లాష్ వేసి ఒక ఫొటో తీసుకోండి. అద్దంలో దొరకనిది ఫ్లాష్‌లో దొరుకుతుంది. మా చెల్లెలికి కెమెరా చెప్పింది అదే.

టెస్టర్ లేకపోతే ఉన్నవాటిలో చిన్న ట్యూబు కొనండి. తెల్లదనం ఒకటే కాదు, చెమట పట్టినప్పుడు చారలు కట్టడం, కళ్లలోకి కారి మండటం, మాయిశ్చరైజర్ మీద రాస్తే మట్టిలా ఉండలు కట్టడం లాంటివి రెండు మూడు రోజులు వాడితేనే బయటపడతాయి.

3. రెండు వేళ్ల కొలత

చూపుడు వేలు, మధ్య వేలు మొదలు నుంచి కొస దాకా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకూ సరిపోతుంది, సుమారు ఒక గ్రాము. ఒకేసారి పులిమితే జిడ్డుగా అనిపిస్తుంది. ఒక గీత రాసి, అది ఇంకాక రెండోది రాయండి.

ఈ లెక్కన రోజుకు ఒక్కసారే రాసినా 50 గ్రాముల ట్యూబు దాదాపు యాభై రోజుల్లో అయిపోవాలి. మా చెల్లెలి మొదటి ట్యూబు నాలుగు నెలలకు పైగా వచ్చింది! ఇప్పుడు ఆమె వాడేది కెమికల్ ఫిల్టర్లున్న పల్చటి లోషన్. బయట డ్యూటీ ఉన్న రోజు రెండు గంటలకోసారి మళ్లీ రాస్తుంది కాబట్టి నెల తిరక్కుండానే ఖాళీ. కొనేముందు ట్యూబు ధర చూడకుండా గ్రాము ధర చూడండి. ఖరీదైనది కొని పొదుపుగా రాసేకంటే, ధారాళంగా రాయగలిగే ధరలో ఉన్నదే మేలు.

4. మంగు ఉంటే లెక్క మారుతుంది

బుగ్గల మీద మంగు మచ్చలు ఉన్నవాళ్లకు పైన చెప్పినది చాలదు. ముదురు చర్మంలో కంటికి కనిపించే మామూలు వెలుగు కూడా మచ్చలను పెంచుతుంది. రంగులేని సన్‌స్క్రీన్ దాన్ని పెద్దగా ఆపదు, ఆపేవి ఐరన్ ఆక్సైడ్లు. ఇవి ఉన్నవే టింటెడ్ సన్‌స్క్రీన్లు. జాబితాలో సి.ఐ. 77491, 77492, 77499 అని ఉంటాయి. వీటిలో జింకూ టైటానియమూ ఉన్నా పర్వాలేదు, ఆ గోధుమ రంగు తెలుపును కప్పేస్తుంది. కాకపోతే షేడ్ కలవాలి. అందరికీ ఒకటే షేడ్ అని అమ్మేవి చాలావరకు లేత రంగు చర్మానికి చేసినవే, మన మీద బూడిద రంగుకు తిరుగుతాయి. దవడ పరీక్ష ఇక్కడ రెట్టింపు అవసరం. కెమికల్ ఫిల్టర్లతో చర్మం మండేవాళ్లకు కూడా, అవి లేకుండా జింకూ టైటానియమూ మాత్రమే ఉన్న టింటెడ్ రకమే దారి.

తెల్ల చొక్కాలు వేసుకునేవాళ్లకు ఒక మాట

అవోబెంజోన్ ఇనుముతో కలిస్తే నారింజ రంగు మరక పడుతుంది. మన బోరు నీళ్లలో ఇనుముకు కొదవ ఉండదు. కాలర్ దగ్గర తుప్పు మరకల్లాంటివి కనిపిస్తే చెమటదని బ్లీచ్ వేయకండి, ఇంకా ముదురుతాయి. తుప్పు మరకలాగే నిమ్మరసం, ఉప్పు పెట్టి ఉతకండి. మరకలు మాటిమాటికీ పడుతుంటే జాబితాలో బ్యూటైల్ మెథాక్సీడైబెంజాయిల్‌మీథేన్ అనే పేరు ఉందేమో చూడండి, అవోబెంజోన్‌కు అదే ఇంకో పేరు. అది లేని ట్యూబుకు మారడమే సులువు.