హోస్టింగ్ మారుస్తున్నారా? నేమ్‌సర్వర్ జోలికి పోకండి

పోయిన నెల మిర్యాలగూడలో మాకు తెలిసిన రైస్ మిల్లు ఆయన కొత్త హోస్టింగ్ తీసుకున్నాడు. అక్కడి వాళ్లు ఫోన్‌లో "నేమ్‌సర్వర్లు మార్చేయండి సార్, రెండు లైన్లే" అన్నారు. మార్చాడు. సాయంత్రానికి కొత్త సైట్ కనిపించింది. రెండు రోజులకు చెన్నై వ్యాపారి ఫోన్ చేశాడు: "కొటేషన్ కోసం మెయిల్ పెడితే అలాంటి అడ్రస్ లేదని తిరిగొస్తోంది."

మెయిల్ జోలికి ఎవరూ పోలేదు కదా అని మిల్లు ఆయన టెన్షన్. పోయాడు, తెలియకుండానే.

సైట్ పేరు, అంటే డొమైన్, కొని ఏటా డబ్బు కట్టే చోటు రిజిస్ట్రార్. ఈ పేరు ఎవరిది, ఎప్పటిదాకా, దీని వివరాలు ఏ నేమ్‌సర్వర్‌ను అడగాలి, ఇంతవరకే దాని పని. ఆ నేమ్‌సర్వర్ నడిపేది డీఎన్ఎస్ హోస్ట్. సైట్ ఎక్కడుందో చెప్పే A రికార్డు, మెయిల్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే MX రికార్డు అందులో ఉంటాయి. ఫైళ్లు, ఫొటోలు ఉండేది వెబ్ హోస్ట్‌లో. మూడూ ఒకే బిల్లులో అమ్ముతారు కాబట్టి ఒకటే అనిపిస్తుంది. విడిగా ఉండబట్టే మెయిల్ ఒకచోట ఉంచుకుని సైట్‌ను ఇంకోచోటికి తీసుకెళ్లగలం.

మిల్లు ఆయన నేమ్‌సర్వర్ మార్చగానే పాత రికార్డుల పుస్తకం మొత్తం పక్కకు పోయింది. కొత్త పుస్తకంలో MX హోస్టింగ్ కంపెనీ సర్వర్‌నే చూపిస్తోంది. అక్కడ ఈయన మెయిల్‌బాక్సే లేదు. సైట్ బాగానే తెరుచుకుంటుంది కాబట్టి తప్పు జరిగిందని ఎవరికీ తోచలేదు.

కాబట్టి నేమ్‌సర్వర్ మార్చకండి. కొత్త హోస్ట్ ఇచ్చిన ఐపీ అడ్రస్‌ను పాత డీఎన్ఎస్‌లో A రికార్డులో పెట్టండి, అంతే. రికార్డును మిగతావాళ్లు ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవాలో చెప్పేది TTL. ముందురోజు దాన్ని 300కు తగ్గిస్తే, తేడా వచ్చినా పాత ఐపీ తిరిగి పెట్టిన అయిదారు నిమిషాల్లో చాలామందికి పాత సైట్ కనిపిస్తుంది. అదే .com పేరుకు నేమ్‌సర్వర్ మారిస్తే, పాత సమాచారం కొందరి దగ్గర 2 రోజుల దాకా నిలిచిపోవచ్చు.

ముట్టుకునే ముందు కంప్యూటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఇవి నడిపి, జవాబులు ఫొటో తీసి పెట్టుకోండి. example.com బదులు మీ డొమైన్ పేరు వేయండి.

```
nslookup -type=ns example.com
nslookup -type=mx example.com
```

- మార్చాక రెండూ మళ్లీ నడపండి. MX మారితే ఆగండి.
- బయటి మెయిల్ నుంచి మీకు మీరే ఒక ఉత్తరం పంపుకోండి. సైట్ చూసి మురిసిపోవద్దు.
- www రికార్డు విడిగా ఉంటుంది, అదీ చూడండి.
- రిజిస్ట్రార్ ఖాతాకు ఇదే డొమైన్ మెయిల్ ఇవ్వొద్దు. డొమైన్ ఆగితే పాస్‌వర్డ్ మార్చే లింకూ రాదు.
- ఆ ఖాతా డిజైనర్ పేరు మీద ఉంటే ఈరోజే మీ పేరు మీదికి మార్పించండి.
- నేమ్‌సర్వర్ మార్చక తప్పదంటే, పాత రికార్డులన్నీ కొత్త చోట రాశాకే.
- మళ్లీ చెబుతున్నా, ఫోన్‌లో ఎవరో చెప్పారని నేమ్‌సర్వర్ మార్చొద్దు.
- పాత హోస్టింగ్ వారం దాకా రద్దు చేయొద్దు.