స్టాప్ లాస్ పెట్టాక కూడా తీసేస్తున్నారా?

సమస్య

మా చిన్నాన్న కొడుక్కి 24 ఏళ్ళు. లక్ష రూపాయలతో, కొన్న రోజే అమ్మేసే ఇంట్రాడే మొదలుపెట్టాడు. ఒక షేరును 500 దగ్గర 400 కొని, 490కి పడితే అమ్మేసేలా స్టాప్ లాస్ పెట్టాడు. ధర 491కి రాగానే ఆ ఆర్డర్ క్యాన్సిల్ చేశాడు. 486 దగ్గర యావరేజ్ చేద్దామని ఇంకో 400 కొన్నాడు. ఇప్పుడు చేతిలో 800 షేర్లు, సగటు ధర 493. మధ్యాహ్నం బ్రోకరే వాటిని అమ్మేసే వేళకు ధర 470కి పడింది. షేరుకు 23 చొప్పున 18,400 పోయింది. మొదటి ఆర్డర్‌ను ముట్టుకోకపోతే 4,000 నష్టంతో బయటపడేవాడు.

"భయమేసింది అన్నయ్యా, మళ్ళీ పైకి వస్తుందేమో అనిపించింది" అన్నాడు.

కారణం

భయం సరే, అది ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దామని ఇద్దరం కూర్చుని వాడి పాత ఆర్డర్లు తెరిచాం. 50 షేర్లు కొన్న రోజుల్లో స్టాప్ లాస్ తగిలినా వాడు దాని జోలికి పోలేదు. 300, 400 కొన్న రోజుల్లో మాత్రం ప్రతిసారీ స్టాప్ లాస్ ధరను కిందికి జరిపాడు, లేదా ఆర్డరే తీసేశాడు. వాడి మనసు బలహీనమని నేననుకోను. అసలు తప్పు కొనే ముందే జరిగింది: మార్జిన్ మీద బ్రోకర్ ఎంత కొననిస్తే అంత కొన్నాడు. ఒక్క దెబ్బకు 4,000 పోవడం తట్టుకోలేని మొత్తం, అందుకే చెయ్యి క్యాన్సిల్ మీదికి వెళ్ళింది. మీ ఆర్డర్ బుక్‌లో కూడా ఇదే చూడండి.

పరిష్కారం

ముందు షేర్ల సంఖ్య కాదు, పోగొట్టుకోగలిగిన డబ్బు తేల్చుకోవాలి. లక్షలో ఒక శాతం, అంటే 1,000 అని పెట్టుకున్నాం. స్టాప్ లాస్ ఎక్కడుండాలో చార్ట్ చూసి నిర్ణయించి, కొనే ధరకూ దానికీ ఉన్న దూరంతో 1,000ని భాగించాలి. దూరం 10 అయితే 100 షేర్లు, 20 అయితే 50. చాలామంది దీన్ని తిరగేసి, ఎక్కువ షేర్లు కొనడం కోసం స్టాప్ లాస్‌ను దగ్గరికి లాగుతారు. అప్పుడు మామూలు కదలికకే తగిలిపోతుంది.

ఆర్డర్ పెట్టేటప్పుడు ఇంకొకటి చూసుకోండి. స్టాప్ లాస్, అంటే SL ఆర్డర్‌లో అమ్మకాన్ని మొదలుపెట్టే ట్రిగ్గర్, అంతకు తక్కువకు అమ్మనివ్వని లిమిట్ రెండూ 490 ఇస్తే, ధర వేగంగా 489కి జారినప్పుడు అమ్మకం జరగకుండా ఆర్డర్ అలాగే ఉండిపోవచ్చు. ట్రిగ్గర్ 490 అయితే లిమిట్ 488 ఇవ్వండి. షేరు రాత్రంతా ఉంచుకుంటే మాత్రం ఇదీ కాపాడదు. పొద్దున మార్కెట్ 470 దగ్గర తెరుచుకుంటే 490కి కొనేవాళ్ళు ఉండరు.

మూడు వారాల తర్వాత వాడు 320 దగ్గర 125 షేర్లు కొన్నాడు, ట్రిగ్గర్ 312. అది తగిలింది, దాదాపు 1,000 పోయింది. గంటలోనే ధర 330కి వెళ్ళింది. వాడు చూస్తూనే ఉన్నాడు, మళ్ళీ కొనలేదు.