మేకప్ వచ్చింది, మొహం మారిపోయింది: సమస్యలు, పరిష్కారాలు

ఒక ఫోటోలోని మేకప్‌ని ఇంకొకరి మొహం మీదికి తెచ్చినప్పుడు వచ్చే తేడాలు చాలావరకు ఒకే చోట పుడతాయి. ఫోటోలో మొహం అంటే మూడు విషయాలు కలిసి ఉంటాయి: ఎముకల ఆకారాన్ని చూపే వెలుగునీడలు, చర్మ రంధ్రాలూ సన్నగీతలూ ఉండే నునుపు-గరుకు, ఆపైన రంగు. మనకు రిఫరెన్స్, అంటే మేకప్ ఉన్న ఫోటో నుంచి కావలసింది దాదాపుగా రంగు ఒక్కటే. 2009లో డాంగ్ గువో, టెరెన్స్ సిమ్ ప్రతిపాదించిన పద్ధతి కూడా మొహాన్ని ఇలా మూడు పొరలుగా విడదీసే మొదలవుతుంది. ఆ మూడూ కలగలిసి వచ్చేస్తే ఏమవుతుందో, ఎలా సరిచేయాలో ఫోటోషాప్‌లో చూద్దాం.

ఉదాహరణకి ఒక కేసు పెట్టుకుందాం. రిఫరెన్స్‌లో చామనఛాయ కంటే తెల్లగా ఉన్న మొహం, ఎదురుగా చూస్తోంది, రెప్పల మీద నేరేడు రంగు ఐషాడో, పెదాలకు మ్యాట్ లిప్‌స్టిక్. మనం మార్చాల్సిన మొహం కొంచెం ముదురు ఛాయ, కాస్త పక్కకి తిరిగి ఉంది, చెంప మీద రంధ్రాలు, ఒక పుట్టుమచ్చ స్పష్టంగా కనిపిస్తున్నాయి.

దవడ సన్నబడింది, ముక్కు కోసుగా అయింది

ఇందుకు రెండు కారణాలు ఉండొచ్చు. మొదటిది, రెండు మొహాలనీ కలపడానికి అసలు ఫోటోనే వంచడం. వంచాల్సింది ఎప్పుడూ రిఫరెన్స్‌నే. అసలు ఫోటో ఉన్న లేయర్‌ని మొదటే లాక్ చేసేయండి.

రెండోదాన్ని పట్టుకోవడం కష్టం. ఏ గీతా కదలకపోయినా మొహం మారినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే రిఫరెన్స్‌లోని కాంటూర్ నీడ కూడా వచ్చేసింది. చెంప ఎముక కింద నీడ పడితే చెంప లోపలికి పోయినట్టే కంటికి తోస్తుంది. అందుకే రిఫరెన్స్ లేయర్‌ని `Normal` లో కాకుండా `Color` మోడ్‌లో పెట్టాలి. అప్పుడు వెలుగునీడలు కింది ఫోటోవే నిలుస్తాయి, పైనుంచి వర్ణం మాత్రమే దిగుతుంది. కాంటూర్ కావాలంటే దాన్ని తెచ్చుకోకండి. ఈ మొహంలో చెంప ఎముక ఎక్కడుందో అక్కడే, మెత్తని బ్రష్‌తో, పలచగా వేయండి.

ఏ కారణమో తేల్చుకోవడం సులువే. పూర్తయిన బొమ్మ మీద అసలు ఫోటో కాపీని `Difference` మోడ్‌లో పెట్టండి. దవడ అంచు, ముక్కు అంచుల వెంట సన్నటి వెలుగు గీతలు కనిపిస్తే ఆకారం కదిలింది. అంచుల్లేని మెత్తటి మరకల్లా కనిపిస్తే కదిలింది నీడ.

చర్మం ప్లాస్టిక్‌లా ఉంది, లేదా ఎవరి రంధ్రాలో కనిపిస్తున్నాయి

రెండిటికీ మూలం ఒకటే: చర్మపు గరుకుని రంగు నుంచి విడదీయకపోవడం. అసలు ఫోటోకి రెండు కాపీలు చేయండి. కింది కాపీకి `Gaussian Blur` ఇవ్వండి. మొహం వెడల్పు వెయ్యి పిక్సెల్స్ ఉంటే 6 నుంచి 10 మధ్య సరిపోతుంది. రంధ్రాలు మాయమై, ముక్కు ఆకారం ఇంకా తెలుస్తుండగా ఆగాలి. పై కాపీ మీద `Apply Image` తెరిచి, కింది బ్లర్ లేయర్‌ని ఎంచుకోండి. ఫైలు 8 బిట్ అయితే ఈ విలువలు:

```
Blending: Subtract
Scale: 2
Offset: 128
```

ఆ పై లేయర్‌ని `Linear Light` కి మారిస్తే ఫోటో మళ్ళీ యథాతథంగా కనిపించాలి. కనిపించకపోతే విలువల్లో ఏదో తప్పింది, ముందుకు వెళ్ళొద్దు. మేకప్ అంతా ఈ రెండు లేయర్ల మధ్యలోకి వస్తుంది. పుట్టుమచ్చ అంచులూ రంధ్రాలూ దాని పైన భద్రంగా ఉంటాయి. తెచ్చే రిఫరెన్స్‌కి కూడా అంతే బ్లర్ ఇవ్వండి, లేకపోతే ఆవిడ రంధ్రాలు కూడా వెంట వస్తాయి.

ఐలైనర్, కనురెప్పల వెంట్రుకలు, మెరుపు పొడి మాత్రం ఈ దారిన రావు. అవన్నీ సన్న వివరాలే కాబట్టి బ్లర్‌లో చెరిగిపోతాయి. ఐలైనర్‌ని కొత్త లేయర్ మీద చేత్తో గీయడమే మేలు.

రంగు బూడిదలా తేలుతోంది

ఎక్కువ మంది విసిగిపోయేది ఇక్కడే, కారణం తెలిస్తే మాత్రం తేలిగ్గా తీరిపోతుంది. రిఫరెన్స్ రెప్ప మీద కనిపించే రంగు ఐషాడో రంగు ఒక్కటే కాదు, అడుగునున్న ఆవిడ చర్మం రంగు కూడా అందులో కలిసి ఉంది. దాన్ని ఉన్నదున్నట్టు తెస్తే ఒకరి చర్మాన్ని ఇంకొకరి మీద పూసినట్టే.

తేవాల్సింది తేడాని. ఐడ్రాపర్‌ని `5 by 5 Average` లో పెట్టి, `Info` ప్యానెల్‌లో ల్యాబ్ విలువలు చూడండి. వీటిలో L వెలుగుని, a, b వర్ణాన్ని చెబుతాయి. మన కేసులో ఇలా ఉన్నాయనుకుందాం:

```
Reference cheek   L 72  a 14  b 18
Reference lid     L 50  a 24  b 4
Target cheek      L 48  a 16  b 22
```

బ్లష్ లేని చోట చెంపని కొలవాలి. రిఫరెన్స్ ఫైల్‌ని `Lab Color` లోకి మార్చి, ఆ ఫైల్‌లోనే `Curves` తో దాని చెంపని మన చెంపకి సమానం చేయండి. `a` గీతని మొత్తంగా 2, `b` గీతని 4 జరపాలి. `L` లో సున్నా కొనని కదపకుండా 100 దగ్గరి కొనని 67కి దించాలి, అప్పుడు గీత తిన్నగానే ఉండి 72 కాస్తా 48 అవుతుంది. ఇప్పుడు రెప్ప దానంతటదే L 33, a 26, b 8 దగ్గరికి వస్తుంది. ఈ చర్మం మీద ఆ నేరేడు రంగు ఉండాల్సిన తీరు అదే. ఫౌండేషన్ వేసిన చెంపనే ఆధారంగా తీసుకున్నాం కాబట్టి ఫౌండేషన్ రాదు. రాకూడదు కూడా, చర్మం చర్మంలా మిగలాలి కదా.

అయితే `Color` మోడ్ వర్ణాన్నే తెస్తుంది, ముదురుదనాన్ని తేదు. చెంపలాగే 48 దగ్గరున్న ఈ రెప్పని 33కి దించడానికి విడిగా ఒక `Curves` లేయర్‌ని `Luminosity` మోడ్‌లో పెట్టి, మాస్క్‌ని ఈ కంటి మడత వెంట మీరే పూయండి. రెప్ప ముదిరాక గీతలు మరీ లోతుగా కనిపిస్తే, అక్కడ మాత్రం పై గరుకు లేయర్‌ని మాస్క్‌తో కొద్దిగా తగ్గించండి.

ఐషాడో రెప్ప దాటిపోయింది

రిఫరెన్స్‌ని కనుబొమ్మ ఆధారంగా అతికించినప్పుడు ఇలా జరుగుతుంది. కనుబొమ్మకీ కంటికీ మధ్య దూరం ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది. `Puppet Warp` పిన్నులు కంటి రెండు కొనల దగ్గర, రెప్ప అంచు ఎత్తైన చోట, మడత మీద పెట్టండి, కనుబొమ్మని వదిలేయండి. మొహం పక్కకి తిరిగి ఉంటే రెండు కళ్ళనీ వేర్వేరు లేయర్లుగా చేయాలి, ఎందుకంటే దూరంగా ఉన్న కన్ను ఇరుకుగా కనిపిస్తుంది. మడత లోపలికి రెప్ప దాగిన కళ్ళయితే, రిఫరెన్స్‌లో రెప్ప మీదున్న రంగులో కొంత ఇక్కడ కనిపించనే కనిపించదు. దాన్ని బలవంతంగా పైకి లాగితే మడత జరిగి కన్ను ఆకారమే మారుతుంది.

పెదాల మీద మెరుపు తప్పు చోట పడింది

మ్యాట్ లిప్‌స్టిక్ చర్మాన్ని పూర్తిగా కప్పేస్తుంది, కాబట్టి పై లెక్క ఇక్కడ వద్దు: చెంపని సరిచేయకముందు రిఫరెన్స్ పెదం విలువలే నేరుగా తీసుకోండి. రెండు ఫోటోల వెలుతురు రంగు దాదాపు ఒకేలా ఉంటేనే ఇది కుదురుతుంది. ఆ రంగుని ఈ పెదాల మాస్క్‌లో నింపి `Color` లో పెట్టండి, ముదురుదనాన్ని మళ్ళీ `Curves` తోనే సర్దండి. తడి మెరుపు ఈ మొహం మీద పడిన వెలుతురుదే ఉండాలి కాబట్టి, రంగు లేయర్ `Blend If` లో `Underlying Layer` తెల్ల స్లైడర్‌ని Alt పట్టుకుని రెండుగా చీల్చి, 200, 240 దగ్గర ఉంచండి. మెరిసే చుక్కలు రంగు అంటకుండా నిలబడతాయి. నోరు తెరిచి ఉంటే పళ్ళ అంచుల్ని దగ్గరగా చూసుకోండి. అక్కడ మాస్క్ ఒక పిక్సెల్ బయటికి పోయినా పళ్ళు గులాబీ రంగులోకి తిరుగుతాయి.