తుఫాను సీజన్ ముందు టవర్ కాళ్ల దగ్గర ఏం చూడాలి

అక్టోబర్ వచ్చేలోపు కరెంటు లైన్ పెట్రోలింగ్‌కి వెళ్తే అందరూ పైకి చూసి ఇన్సులేటర్లు లెక్కపెట్టి వచ్చేస్తారు, కాళ్ల దగ్గర పొదలు నరికించి చూసేవాళ్లు తక్కువ. గాలి అడ్డంగా కొట్టినప్పుడు అటువైపు రెండు కాళ్లు భూమిలోకి నొక్కుతాయి, గాలి తగిలే ఇటువైపు రెండు పైకి లేవాలని చూస్తాయి, మామూలుగా ఇబ్బంది వచ్చేది ఈ లేచే వాటితోనే. వాటిని పట్టుకునేది కాంక్రీటు ఒక్కటే అనుకోకండి, భూమిలో కాలు అడుగున ఉండే కాంక్రీటు పలకని ప్యాడ్ అంటారు, దాని మీదున్న మట్టి బరువే ఎక్కువ.

ఒక కాలు లెక్క చూద్దాం. ప్యాడ్ 2 మీటర్ల చదరం, లోతు 3 మీటర్లు. గట్టి పొడి నేలలో మట్టి నిలువు నుంచి 30 డిగ్రీల వాలుతో పైకి విచ్చుకుని లేస్తుందని తీసుకుంటాం, కాంక్రీటుతో కలిపి దాదాపు 66 టన్నులు పట్టుకుంటుంది. అదే కాలు చుట్టూ నీళ్లు నేలమట్టానికి వచ్చేశాయనుకోండి, మట్టీ కాంక్రీటూ రెండూ నీళ్లలో తేలికైపోతాయి, వాలు కూడా 15 డిగ్రీలే తీసుకోవాలి, అప్పుడు మిగిలేది 24 టన్నుల లోపే! పొడి నేలకని డిజైన్ చేసిన కాలు పక్కన ఇప్పుడు రొయ్యల చెరువు తవ్వేసి ఉంటే ముందు ఆ సంగతి డిజైన్ వాళ్లకి రాసి పంపండి, ఈ ఒక్క పని చేసినా చాలు.

రెండోది బ్యాక్‌ఫిల్లింగ్. గుంటలో మట్టి ఒకేసారి తోసేసి పైన నాలుగు దెబ్బలు వేస్తే ఆ 30 డిగ్రీల వాలు రాదు, ప్యాడ్ మీద నిలువుగా ఉన్న మట్టే మిగులుతుంది, పొడిగా ఉన్నా 19 టన్నులే. పలచటి పొరలుగా పోసి, కొంచెం తడిపి, ప్రతి పొరకీ దిమ్మిస కొట్టించాలి. నల్లరేగడి అయితే ఆ మట్టే తిరిగి పోయొద్దు, బయటి నుంచి మొరం తెప్పించండి. ప్యాడ్ నుంచి నేల పైకి వచ్చే కాంక్రీటు స్తంభమే చిమ్నీ, దాని చుట్టూ మట్టి కుంగి నీళ్లు నిలిచిన గుంట కనపడితే లోపల సరిగ్గా దిమ్మిస పడలేదనే అనుమానించాలి.

గాలి ఒక్కసారి కొట్టి పోదు, గంటల తరబడి లాగి వదులుతూనే ఉంటుంది, దాంతో టవర్ కాలి అడుగు ముక్క అయిన స్టబ్ యాంగిల్ కాంక్రీటులోకి దిగే చోట సన్నటి సందు పడుతుంది, అందులో నీళ్లు దిగి తుప్పు. ఆ చోట చిమ్నీ పైన కప్పినట్టు పోసిన కాంక్రీటే కోపింగ్, అది పగిలి తుప్పు మరక కారుతుంటే పైన సిమెంట్ పూసి వదిలేయకుండా కొట్టి తీసి లోపల స్టబ్ ఎంత తినేసిందో చూడండి. కాళ్లని కలిపే కింది బ్రేసింగ్ వంగి ఉందంటే ఏదో ఒక కాలు కదిలి ఉండొచ్చు, లెవెల్ పెట్టి నాలుగు కాళ్లూ చూసి పాత రీడింగ్‌తో పోల్చుకోవాలి.

రిపేరుకి తవ్వాల్సి వస్తే టవర్‌కి గై వైర్లు కట్టి, ఒక కాలు పూర్తయ్యాకే ఇంకోటి. వాయుగుండం వార్త వచ్చాక మాత్రం కొత్తగా ఏ కాలూ తెరవొద్దు, తెరిచింది ఉంటే గాలి రాకముందే పూడ్చి దిమ్మిస కొట్టించేయండి. 2014లో హుద్‌హుద్ విశాఖ మీదికి వచ్చింది అక్టోబర్ 12న, కాబట్టి ఈ తవ్వకాలన్నీ సెప్టెంబర్‌లోనే ముగించుకోండి.