పిల్లల చదువు నిధి: దాచింది లెక్కలో ముందే తీసేయకండి

మా పాపకు ఎనిమిదేళ్లు. బీటెక్‌కు పదేళ్లుంది. ఇప్పుడు ఫీజు, హాస్టల్, మెస్ కలిపి నాలుగేళ్లకు 12 లక్షలు అవుతుందనుకున్నాం. పీపీఎఫ్‌లో 3 లక్షలున్నాయి. 12లోంచి 3 తీసేసి, మిగిలిన 9 లక్షలకే ఏటా 10 శాతం పెంచి చూశాను. 23.3 లక్షలు వచ్చింది. తప్పు అక్కడే జరిగింది.

అలా తీసేస్తే, దాచిన డబ్బు కూడా ఫీజులంత వేగంగా పెరుగుతుందని అనుకున్నట్టే. పీపీఎఫ్‌కు ఇప్పుడు వచ్చేది 7.1 శాతమే. అందుకే రెండింటినీ విడివిడిగా పెంచి, చివర్లో తీసేయాలి. షీట్‌లో ఇలా వేయండి:

```
=1200000*1.10^10-300000*1.071^10
```

ఖర్చు 31.1 లక్షలకు చేరుతుంది, పొదుపు దాదాపు 6 లక్షలవుతుంది. కావాల్సింది 25 లక్షల పైమాటే. నా మొదటి లెక్కలో దాదాపు 1.8 లక్షలు తగ్గిపోయాయన్నమాట.

పొదుపు ఒకటికంటే ఎక్కువ చోట్ల ఉంటే, దేని వడ్డీతో దాన్ని పెంచండి. సేవింగ్స్ ఖాతాలో ఊరికే ఉన్న డబ్బుకు 7.1 వేయొద్దు. 10 శాతం అన్నది నా అంచనా మాత్రమే. మీరు అనుకున్న కాలేజీలో ఐదేళ్ల క్రితం ఫీజు ఎంతో కనుక్కుంటే అసలు పెరుగుదల తెలుస్తుంది. ఏటా జూన్‌లో కొత్త ఫీజుతో మళ్లీ లెక్క వేస్తున్నాను.